వెలుగును బట్టి కాదు, వస్తువును బట్టి: ఫొటో నుంచి జపాన్ చెక్క అచ్చు బొమ్మ

ఫొటోను జపాన్ చెక్క అచ్చు బొమ్మలా మార్చాలనుకున్నవాళ్లు చాలామంది ఒకే దారిన బయల్దేరతారు. కంప్యూటర్లో ఫొటో తెరుస్తారు, Posterize అనే సాధనంతో రంగు స్థాయిలను నాలుగైదుకు కుదిస్తారు, అంచులు వెతికి నల్లగీతలు గీసే ఫిల్టర్ ఒకటి దానిమీద వేస్తారు. సమతలమైన రంగులు వచ్చాయి, దట్టమైన గీతలు వచ్చాయి, రంగులూ తక్కువే. అడిగినవన్నీ ఉన్నాయి. అయినా ఆ బొమ్మను హొకుసాయ్, హిరోషిగే బొమ్మల పక్కన పెడితే పొంతన కుదరదు. మచ్చలు పడ్డ ఫొటోలాగే ఉంటుంది. కారణం ఫిల్టర్ నాసిరకం కావడం కాదని నా అభిప్రాయం. కెమెరా లోకాన్ని వెలుగును బట్టి విడదీస్తుంది, జపాన్ చిత్రకారుడు వస్తువును బట్టి విడదీశాడు. ఈ తేడాను పట్టించుకోకుండా ఎన్ని ఫిల్టర్లు మార్చినా ఫలితం మారదు. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో ఇవాళ ఒక బొమ్మ తయారీని వెంబడిస్తూ చూద్దాం.

ముందుగా అసలు అచ్చు ఎలా తయారయ్యేదో తెలియాలి. చిత్రకారుడు పలచటి కాగితం మీద కుంచెతో గీతలు మాత్రమే గీసేవాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లించి అడవి చెర్రీ చెక్క పలక మీద అంటించి, ప్రతి గీతకూ రెండు వైపులా చెక్కను తీసేసేవాడు. గీత మాత్రం ఎత్తుగా మిగిలేది. అది మూల పలక. దానితో కొన్ని కాగితాలు అచ్చువేసి, ఒక్కో కాగితం మీద ఒక్కో రంగు ఎక్కడెక్కడ రావాలో గుర్తుపెట్టేవారు. ఆ గుర్తులను బట్టి రంగుకో పలక చెక్కేవారు. అంటే ముందు గీత, గీత లోపల రంగు. ఆకాశం ఎక్కడ ముగుస్తుంది, కొండ ఎక్కడ మొదలవుతుంది అన్నది రంగు చేతికి రాకముందే తేలిపోయేది. 1765లో సుజుకి హరునోబు కాలానికి ఈ బహురంగుల అచ్చు పూర్తిగా రూపు దిద్దుకుంది. తర్వాత వందేళ్లపాటు ప్రధానమైన పద్ధతి ఇదే. మన పెడన కలంకారీ అద్దకంలో కూడా నల్ల రూపురేఖకు ఒక అచ్చు, లోపలి రంగులకు వేరే అచ్చులు ఉంటాయి కాబట్టి, ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు.

ఇప్పుడు ఫొటో సంగతి. సాయంత్రం పాపికొండల దగ్గర గోదావరి మీద తీసిన ఫొటో ఒకటి ఉందనుకుందాం. ముందు ఒక నాటు పడవ, అందులో నిలబడి గెడ వేస్తున్న మనిషి. వెనక మూడు వరసల్లో కొండలు. కింద మూలన కొంచెం ఇసుక. సూర్యుడు కొండల వెనక ఉన్నాడు. దీన్ని నాలుగు స్థాయిలకు Posterize చేస్తే ఏమవుతుందో దగ్గరగా చూడండి. వెలుగు వెనకనుంచి వస్తోంది కాబట్టి మనిషి ఒళ్లు చీకటిగా ఉంది. దగ్గరి కొండా చీకటిగానే ఉంది. రెండూ ఒకే స్థాయిలో పడి కలిసిపోతాయి. మనిషి తల కొండలో కరిగిపోతుంది, భుజం మీద వెలుగు పడిన చిన్న అంచు ఒక్కటి ఎవరిదో తెలియని తెల్ల చారలా మిగులుతుంది. నీళ్ల మీద ఎండ తళుకు ముక్కలుముక్కలై దీవుల్లా తేలుతుంది. ఆకాశంలో వెలుగు మెల్లగా తగ్గుతుంది కదా, అక్కడ ఉంగరాల్లాంటి పట్టీలు పుడతాయి. లోకంలో ఒకటిగా ఉన్న నది పది ముక్కలైంది, రెండుగా ఉన్న మనిషీ కొండా ఒకటైపోయాయి. అంచుల ఫిల్టర్ చేసేదీ ఇదే పొరపాటు. పక్కపక్కన వెలుగు తేడా ఎక్కువున్నచోట అది గీత గీస్తుంది. అందుకే ప్రతి అలకూ గీత వస్తుంది, మనిషికీ కొండకూ మధ్య గీత రాదు. బొమ్మకు ఏ గీత అవసరమో అదే ఉండదు.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, అది బలమైనదే. కొన్ని ఫొటోల్లో ఫిల్టర్ చక్కగా పనిచేస్తుంది కదా అంటారు. నిజమే. మబ్బు పట్టిన ఆకాశం మీద ఒంటరి కొంగ, తెల్లగోడ ముందు ఎర్ర పూలకుండీ వంటి ఫొటోల్లో వెలుగు తేడా ఎక్కడుందో వస్తువు అంచూ అక్కడే ఉంది. అలాంటప్పుడు ఏ పద్ధతిన విడదీసినా ఒకే చోట తెగుతుంది. కాబట్టి ఇది నా వాదనను కొట్టివేయదు, నిజానికి బలపరుస్తుంది. ఈ ఆక్షేపణ నుంచి పనికొచ్చే సంగతి కూడా ఒకటి దొరుకుతుంది. ఫొటో ఎంచుకునేటప్పుడు మబ్బు రోజున, లేదా నీడపట్టున తీసినది ఎంచుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు తీసిన ముఖాల ఫొటోలను ఈ పనికి వాడకపోవడం మంచిది. ముక్కు కింద నీడ, కళ్ల గుంటల్లో నీడ తీసేశాక ముఖంలో ఏం మిగలాలో తేల్చుకోవడం చేయి తిరిగిన చిత్రకారులకే కష్టం.

రెండో ఆక్షేపణ చరిత్ర తెలిసినవాళ్లు చేస్తారు. జపాన్ అచ్చుల్లో నీడలే లేవా అని. ఉన్నాయి. హిరోషిగే 1856లో చేసిన సరువాకా వీధి రాత్రి దృశ్యంలో పున్నమి వెన్నెల కింద నడిచే ప్రతి మనిషికీ నేలమీద నీడ ఉంది. కానీ ఆ నీడ ఎలా ఉందో గమనించాలి. మనిషి బట్టల మీద వెలుగూ చీకటీ పంచలేదు. నేలమీద పడ్డ నీడకు మాత్రం స్పష్టమైన ఆకారం, ఒకే బూడిదరంగు ఇచ్చాడు. అంటే నీడను కూడా పడవలా, కొండలా ఒక వస్తువుగా లెక్కవేసి దానికి చోటు కేటాయించాడు. అదే చిత్రకారుడు మరుసటి ఏడు చేసిన షిన్-ఒహషి వంతెన మీది జడివాన బొమ్మలో వాతావరణమంతా చీకటే. ఆ చీకటి మనుషుల ఒళ్లమీద ఎక్కడా లేదు. పైన నల్లమబ్బు ఒక పట్టీగా దిగుతుంది, వాన సన్నటి గీతలుగా కురుస్తుంది. వెలుగు తగ్గిందని చెప్పడానికి ఆయన ప్రతి వస్తువునూ నల్లబరచలేదు. మబ్బును, వానను వస్తువులుగా గీశాడు. మన ఫొటోలోనూ ఇదే ప్రశ్న వేసుకోవాలి. ఈ నీడ బొమ్మలో ఉండాల్సిన వస్తువా, లేక వెలుగు వదిలిన మరకా? మొదటిదైతే దానికి ఆకారమిచ్చి ఉంచాలి. రెండోదైతే తీసేయాలి.

ఇక పనిలోకి దిగుదాం. GIMP గానీ Krita గానీ చాలు, రెండూ ఉచితమే. ఏ4 కాగితం మీద అచ్చు వేయాలనుకుంటే ఫొటో పొడవు వైపు సుమారు 3500 పిక్సెల్స్ ఉండాలి. ఫొటో లేయర్ గాఢతను 40 శాతానికి తగ్గించి, దానిపైన ఖాళీ లేయర్ తీసుకుని గీతలు గీయాలి. ఇక్కడే చాలామంది బెదురుతారు, మాకు బొమ్మలు గీయడం రాదని. ఇది గీయడం కన్నా దిద్దడానికి దగ్గర. జపాన్‌లో కూడా చిత్రకారుడు, చెక్కేవాడు, అచ్చువేసేవాడు, ప్రచురణకర్త వేర్వేరు మనుషులు. మరొకరి గీతను దిద్దుకుంటూ చెక్కడం చెక్కేవాడి రోజువారీ పనే. కష్టం చేతిలో కన్నా ఎంపికలో ఉంది. కనిపించే ప్రతి అంచునూ దిద్దితే బొమ్మ తీగలపుట్టలా తయారవుతుంది. మన ఫొటోలో పడవ చుట్టూ ఒక గీత, మనిషి చుట్టూ ఒకటి, పంచె మడతలకు రెండు మూడు, గెడకు రెండు, మూడు కొండల తలకట్లకు మూడు, ఇసుక అంచుకు ఒకటి చాలు. కొండమీది చెట్లను ఒక్కొక్కటిగా గీయనక్కర్లేదు. తలకట్టు గీతను అక్కడక్కడ కాస్త గరుకుగా తిప్పితే అడవి ఉందని తెలుస్తుంది.

గీత మందం మీద కొంచెం శ్రద్ధ పెట్టాలి. 300 డీపీఐ అచ్చులో 12 పిక్సెల్స్ అంటే సుమారు ఒక మిల్లీమీటరు. పడవ, మనిషి బయటి గీతకు ఆ మందం సరిపోతుంది. లోపలి మడతలకు అందులో సగమో మూడోవంతో చాలు. దూరపు కొండ గీత అన్నిటికన్నా సన్నగా ఉండాలి. అంతకంటే ముఖ్యం, గీత మొదటినుంచి చివరిదాకా ఒకే మందంలో ఉండకూడదు. అసలు గీత కుంచెతో పుట్టింది కాబట్టి వంపు దగ్గర ఉబ్బి, చివర సన్నబడుతుంది. ఒత్తిడిని గుర్తించే పెన్ను ఉంటే అది దానంతటదే వస్తుంది. మౌస్‌తో గీసేవాళ్లు గీత రెండు కొసలనూ గట్టి అంచున్న రబ్బరుతో చెరిపి కోసుగా చేసుకోవచ్చు. ఒకే మందం గీతలతో గీసిన బొమ్మ కంపెనీ ప్రకటనలా, పాఠ్యపుస్తకంలో పటంలా కనిపిస్తుంది గానీ అచ్చుబొమ్మలా ఉండదు. గీత నల్లగానే ఉండాలన్న నియమం కూడా లేదు. హొకుసాయ్ ఫుజి కొండ వరసలో మొదటి 36 బొమ్మల రూపురేఖలు నీలంలో ఉన్నాయి. తర్వాత చేర్చిన పదింటిలోనే నల్లగీత వచ్చింది. మన బొమ్మ నదిదీ, సాయంత్రానిదీ కాబట్టి ముదురు నీలం గీత బాగుంటుంది.

గీతలు పూర్తయ్యాక ఒక పరీక్ష చేయాలి. ఫొటోను కనబడకుండా దాచి గీతలను మాత్రమే చూడాలి. అది పడవ అనీ, ఇది కొండ అనీ రంగు సాయం లేకుండా తెలియాలి. తెలియకపోతే గీతను సరిచేసుకోవాలి గానీ, రంగు వేశాక సర్దుకుంటుందిలే అని ముందుకు పోకూడదు. తర్వాత అది సర్దుకోదు. నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే అసలు మలుపు. ఇక్కడినుంచి ఫొటో అవసరం దాదాపు తీరిపోయింది.

రంగుల దగ్గర తక్కువ సిరాలు అన్న మాటను సరిగ్గా అర్థం చేసుకోవాలి. సిరాలు తక్కువంటే కనిపించే రంగులు తక్కువని కాదు. జపాన్ అచ్చు రంగులు చాలావరకు నీళ్లలో కలిపిన పలుచటివి. ఒకదానిమీద ఒకటి పడితే రెండూ కలిసి మూడో రంగు కనిపిస్తుంది. కంప్యూటర్లో దీనికి సరిపోయే ఏర్పాటు Multiply. రంగు లేయర్లన్నిటినీ, గీత లేయర్‌ను కూడా ఆ మోడ్‌లో పెట్టాలి. అన్నిటికన్నా అడుగున కాగితపు లేయర్ ఉండాలి, పాలతెలుపు కాకుండా `#F2E8D0` లాంటి కాస్త పచ్చటి తెలుపు. అచ్చులో తెలుపు అంటే రంగు పడని కాగితమే. హొకుసాయ్ పెద్ద అల బొమ్మలో నురగ అంత తెల్లగా కనిపించేది అందుకే. అక్కడ చెక్క కాగితాన్ని తాకలేదు.

మన బొమ్మకు నీలం, గోధుమ పసుపు, ఇటుక ఎరుపు, బూడిద అని నాలుగు సిరాలు తీసుకుందాం. మొదటి పలక లేత నీలం. ఇది నది మీదా మూడు కొండల మీదా పడుతుంది. రెండో పలకా నీలమే, అయితే మధ్య కొండ, దగ్గరి కొండ మీద మాత్రమే. ఆ రెండూ దూరపు కొండ కన్నా ముదురవుతాయి. మూడోది పసుపు. ఇసుక మీద పడితే ఇసుక రంగు, దగ్గరి కొండ మీద రెండు నీలాలపైన పడితే ముదురు ఆకుపచ్చ. ఆకుపచ్చ సిరా లేకుండానే అడవి వచ్చింది. నాలుగోది పడవకు బూడిద. ఐదోది మనిషి పంచెకు ఎరుపు, అదే పలకతో కొండల వెనక ఆకాశం అడుగున సన్నటి ఎరుపు పట్టీ. ఇక్కడ జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. మనిషి నిలబడింది దగ్గరి కొండ ముందు. పంచె ఆకారాన్ని రెండు నీలం పలకల్లోనుంచీ, పసుపు పలకలోనుంచీ ముందే కత్తిరించి తీసేయాలి. లేకపోతే ఎరుపు ఆకుపచ్చ మీద పడి బురద రంగవుతుంది. ఒంటికి నీలాలు రెండూ తీసేసి పసుపు ఉంచితే చామనఛాయ దగ్గరగా వస్తుంది. ఫొటోలో కొండతో కలిసిపోయిన మనిషి ఇప్పుడు విడిగా నిలిచాడు. వెలుగు ప్రకారం చూస్తే ఇది అబద్ధం. అచ్చు ప్రకారం ఇదే నిజం.

రంగు నింపేటప్పుడు ఎంపిక సాధనంలో Antialiasing తీసేసి Bucket Fill వాడితే అంచు గట్టిగా వస్తుంది. రంగును గీత లోపలి అంచు దగ్గర ఆపకుండా గీత మధ్యదాకా తీసుకెళ్లాలి. అప్పుడు రంగుకూ గీతకూ మధ్య తెల్లటి సందు మిగలదు. పాత అచ్చులా కనిపించాలని కొందరు రంగు పొరలను కావాలని పక్కకు జరుపుతారు. నాకు అది నచ్చదు. జపాన్ అచ్చువాళ్లు ప్రతి పలక మీదా కాగితం మూలకు ఒక గాడి, అంచుకు ఒక గాడి చెక్కి, కాగితం వెంట్రుకవాసి కూడా తొలగకుండా చూసుకునేవారు. వాళ్లు తప్పుగా ఎంచినదాన్ని వాళ్ల శైలిగా చూపడం న్యాయం కాదు. చెక్క నార గీతల విషయంలోనూ ఇంతే. బొమ్మంతటిమీదా చెక్క ఫొటోను పరిచేస్తే బల్లమీద అంటించిన స్టిక్కర్‌లా ఉంటుంది. నార గుర్తు చెక్క తాకినచోటే పడుతుంది. నది లాంటి పెద్ద చదును చోట, ఆ ఒక్క రంగు పొరలోనే, కనీకనపడనట్టు వేయాలి. కాగితం ఖాళీగా ఉన్నచోట, గీతల మీద అసలు వేయకూడదు.

సమతలమైన రంగు అన్నారు కదా, మరి జపాన్ ఆకాశాల్లో రంగు మెల్లగా తేలిపోతుందేమిటని అడగవచ్చు. దాన్ని బొకాషి అంటారు. తడిపిన పలక మీద అచ్చువేసేవాడు రంగును ఒకవైపు దట్టంగా, మరోవైపు తేలిపోయేలా చేత్తో సర్ది అచ్చువేస్తాడు. అది సాధారణంగా పలకకు అడ్డంగా తిన్నగా సాగుతుంది, వస్తువు గుండ్రదనాన్ని అనుసరించదు. కాబట్టి మన బొమ్మలో ఆకాశం పైఅంచున నీలం పట్టీ ఒకటి విడి లేయర్‌గా వేసి కిందికి తేలిపోనివ్వవచ్చు. ఎరుపు పట్టీని పైకి తేలిపోనివ్వవచ్చు. ఆ రెండు చాలు. పడవ పక్కలకు, మనిషి చెంపకు అలాంటి తేలింపు ఇస్తే నీడ దొడ్డిదారిన మళ్లీ వచ్చి కూర్చున్నట్టే.

చివరి ఆక్షేపణ యొషిదా హిరోషి బొమ్మలు చూసినవాళ్ల నుంచి వస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు ఈ చిత్రకారుడు మనదేశం వచ్చి వెళ్లి 1931, 32 ప్రాంతంలో తాజ్‌మహల్, ఉదయపూర్, అజంతా వంటి చోట్లను అచ్చుల్లోకి తెచ్చాడు. ఆయన బొమ్మల్లో వెలుగు నిండుగా ఉంటుంది. ఒక్కో బొమ్మకు ముప్పై సార్లు, కొన్నిటికి అంతకంటే చాలా ఎక్కువ సార్లు అచ్చువేసేవాడు. మరి వెలుగును వదిలేయమనడం సరైనదేనా? నా జవాబుకు ఆయన 1926 నాటి తెరచాప పడవల బొమ్మలే ఆధారం. దాదాపు అవే పలకలతో, సిరాలు మార్చి, ఉదయం, మధ్యాహ్నం, మంచు, సాయంత్రం, రాత్రి అని వేర్వేరు బొమ్మలు అచ్చువేశాడు. వెలుగు మారినా పడవ ఆకారం మారలేదు. వెలుగు ఆకారాన్ని ముక్కలు చేసి ఉంటే అది కుదిరేదే కాదు. వెలుగును ఆయన వదల్లేదు, దాన్ని సిరాలో పెట్టాడు.

మన లేయర్లతో కూడా ఇది చేసి చూడవచ్చు. గోదావరి బొమ్మలో లేత నీలాన్ని బూడిద నీలంగా మార్చి, ఎరుపు పట్టీని తీసేసి, పసుపును చల్లబరిస్తే రాత్రి వస్తుంది. అప్పుడు పడవలో దీపం పెట్టాలనిపిస్తుంది. పైన ఇంకో లేయర్ తెచ్చి పసుపు చుక్క పెడితే అది వెలగదు, ఎందుకంటే Multiply దేన్నీ లేతపరచదు, ముదురు చేయడమే దానికి తెలుసు. దీపం రావాలంటే ఆ చుక్కంత చోటును బూడిద పలకనుంచీ, రెండు నీలం పలకలనుంచీ కత్తిరించి, పసుపు ఒక్కటే కాగితాన్ని తాకేలా చేయాలి. ఏ పలకనైనా మరిచిపోతే ఆ చుక్క ఆకుపచ్చగానో బూడిదగానో తేలుతుంది. ఏ రంగులో తేలిందో చూస్తే ఏ పలకను మరిచిపోయామో తెలిసిపోతుంది.